రైతా నోట అదనపు మాట

మదీనా నుంచి ఖలీఫా పంపిన ఖుర్ఆన్ ప్రతి బస్రా పెద్దమసీదుకి చేరిందన్న కబురు విన్న దగ్గర్నుంచి రైతాకి ముద్ద దిగడం లేదు. ఊరు ఊరంతా పండగలా ఉంది. ఆవిడకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

రైతా అంటే తమీమ్ తెగవాళ్ల వాడలో తెలియనివాళ్లు లేరు. పదేళ్లుగా ఆడవాళ్లకి ఖుర్ఆన్ నేర్పుతోంది. కోపం ముక్కు మీదే ఉంటుంది, తప్పు చదివితే ఖర్జూరపు మట్టతో మోకాలి మీద ఒకటి అంటించేది. అయినా నలభై మంది ఆ దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఆవిడకి నేర్పింది మొగుడు సువైద్. ఒంటెల బిడారుతో తిరిగే వర్తకుడాయన. మదీనాలో ప్రవక్తగారి సహచరుల నోట విన్నది విన్నట్టు తోలుపత్రాల మీద రాసి తెచ్చుకున్నాడు. తర్వాత సైన్యంతో వెళ్లి తుస్తర్ కోట ముట్టడిలో పోయాడు. ఇక ఆవిడకి మిగిలింది ఆ పత్రాల సంచీ ఒక్కటే.

ఇప్పుడు ఆ సంచీ తెచ్చి ఇమ్మంటున్నారు. కొత్త ప్రతి తప్ప తక్కిన రాతలన్నీ కాల్చెయ్యాలని ఖలీఫా హుకుం.

"నీ అన్న రాసింది మంటల్లో పెట్టమంటావా? నీ ఒంట్లో అసలు నెత్తురుందా?" అని మరిది నహీక్ మీద లేచింది రైతా.

నహీక్ అర్మీనియా సరిహద్దు నుంచి మొన్ననే వచ్చాడు. "నెత్తురు ఉండబట్టే చెబుతున్నా వదినా. అక్కడ ఏం జరిగిందో నా కళ్లారా చూశాను. సిరియా వైపు షామువాళ్లు ఒకలా చదివారు, మన ఇరాకువాళ్లు ఒకలా చదివారు. మాదే అసలంటే మాదే అసలన్నారు. నువ్వు అవిశ్వాసివంటే నువ్వు అవిశ్వాసివన్నారు. ఎదురుగా శత్రువుంటే వీళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు కత్తులు దూసేలా ఉన్నారు! ఇంకో పదేళ్లు పోతే ఊరికో గ్రంథం అయ్యేది."

కాల్చడం గురించే కాదు రైతా బాధ. తన చదువుకీ ఆ ప్రతికీ ఎక్కడైనా తేడా వస్తే? దేవుడి మాట అని నలభై మందికి నేర్పింది దేవుడి మాట కాకపోతే? ఆ తల్లులు రోజుకి ఐదుసార్లు నమాజులో నిలబడి చదివేది ఏమైనట్టు?

మర్నాడు పొద్దున్నే సంచీ చంకలో పెట్టుకుని మసీదుకి వెళ్లింది. ప్రతి ముందు ఇయాస్ అనే పఠనకర్త కూర్చున్నాడు. ఆ రాతలో అక్షరాలకి చుక్కలు లేవు, స్వరాల గుర్తులు లేవు. నోటితో నేర్చుకున్నవాడికే అది పలుకుతుంది. అందుకే ప్రతి ఒక్కటే పంపకుండా చదివి చెప్పే మనిషినీ వెంట పంపారు. ఇయాస్ అలా మదీనా నుంచి వచ్చినాయన దగ్గర కూర్చుని సరిచూసుకున్నవాడే.

"ఇది రాసినవాళ్లూ మనుషులేగా? మా ఆయన రాత తప్పు, వాళ్ల రాత ఒప్పు అని ఎవరు చెప్పారయ్యా?" అని గుమ్మంలోనే అడిగేసింది రైతా.

ఇయాస్ నొచ్చుకోలేదు. "కూర్చో అమ్మా. యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం వచ్చినవాళ్లు కుప్పలుగా పడిపోయారు, గుర్తుందా? అప్పుడే మొదటి ఖలీఫా భయపడి అంతా ఒకచోట చేర్చమన్నారు. మట్టల మీదవీ, పలుచని రాళ్ల మీదవీ, తోళ్ల మీదవీ, మనుషుల గుండెల్లో ఉన్నవీ పోగుచేశారు. రాత తెచ్చినవాడు ఊరికే తెస్తే చాల్లేదు. ఇది ప్రవక్తగారి ఎదుట రాసిందే అని ఇద్దరు సాక్షులు నిలబడాలి. ఆ పత్రాలు చివరికి ప్రవక్తగారి భార్య హఫ్సాగారి దగ్గర ఉన్నాయి. ఇప్పుడు ఈ ఖలీఫా వాటినే అడిగి తెప్పించారు. అప్పుడు పోగుచేసిన మదీనా లేఖకుడే మళ్లీ కూర్చున్నాడు, తోడు మక్కా ఖురైష్ తెగవాళ్లు ముగ్గురు. నలుగురికీ పలుకులో తేడా వస్తే ఖురైషీల పలుకే రాయమన్నారు, ప్రవక్తగారిది ఆ పలుకే కదా. రాయడం అయ్యాక హఫ్సాగారి పత్రాలు ఆవిడకే తిరిగిచ్చేశారు. పెద్ద ఊళ్లకి తలా ఒక ప్రతి పంపారు."

"అయితే నా పత్రాలు తర్వాత చూద్దువుగాని. ముందు నేను చదువుతా, నువ్వు వేలు పెట్టి చూడు" అంది రైతా.

చదివింది. అన్నిటికన్నా పెద్ద అధ్యాయమైన సూరా మొదలుపెట్టి ఆగకుండా చదివింది. ఇయాస్ వేలు వరస వెంట వరస సాగుతోంది. హజ్ యాత్ర గురించిన వాక్యాల్లోకి, ఆ ఆయతుల్లోకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది.

"ఆగమ్మా. 'మీ ప్రభువు అనుగ్రహం వెతుక్కోవడంలో మీ మీద తప్పేమీ లేదు' అన్నది సరే. వెంటనే 'హజ్ రోజుల్లో' అన్నావు. ఆ మాట ఇక్కడ లేదు."

రైతా గబగబా సంచీ విప్పి ఆ పత్రం తీసింది. ఉంది. అదే వరసలో, అదే సిరాతో ఉంది.

"మీ ఆయన వర్తకుడా?" అని అడిగాడు ఇయాస్.

"ఔను."

"అదీ సంగతి! హజ్ రోజుల్లో బేరం చేస్తే పాపమేమోనని జనం జంకేవాళ్లు. ఆ జంకు తీర్చడానికే ఈ ఆయతు దిగిందని పెద్దలు చెబుతారు. అర్థం చెప్పేటప్పుడు ఈ మాట కలిపి చెప్పినవాళ్లని నేనూ విన్నాను. ఆయనకి పనికొచ్చే మాట కదా, తన పత్రంలో తనకోసం కలిపి రాసుకుని ఉంటాడు. అర్థం తప్పు కాదు. కానీ సాక్షులు నిలిచిన పాఠంలో అది లేదు."

"నా సంగతి వదిలెయ్యి, నలభై మంది అయ్యా! వాళ్ల నోళ్లలోంచి ఎలా తీసేది?" అని గట్టిగా ఏడ్చేసింది రైతా.

"తెలియక చేసింది దేవుడికి తెలుసమ్మా. దిద్దుకోవడానికేగా ఇది వచ్చింది. కానియ్యి, మిగతాది చదువు."

రెండు రోజులు పట్టింది మిగతాదంతా చదవడానికి. సూరాల వరసలో తేడా వచ్చింది, సువైద్ తనకి దొరికిన వరసలో రాసుకున్నాడు. మరో మాట మాత్రం ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇయాస్ సంతోషంగా లేచి నిలబడ్డాడు. రైతాకి మాత్రం ఆ ఒక్క మాటే ముల్లులా గుచ్చుతోంది.

అక్కడి నుంచి తిన్నగా హుజైమా ఇంటికి నడిచింది. హుజైమా కళ్లు లేని మనిషి, రైతా దగ్గర మొదట చేరిన శిష్యురాలు. రైతా చెప్పిన పాఠాన్ని నలభై మంది చేత వల్లె వేయించేదీ, చివరికి అప్పజెప్పించుకునేదీ ఆవిడే. అందరి నోట ఉన్నది ఆవిడ నోటి మాటే.

"హుజైమా, హజ్ ఆయతులు చదువు."

హుజైమా బార్లీ తిరగలి ఆపి, చేతులు దులుపుకుని చదివింది. 'తప్పేమీ లేదు' అన్న చోటికి వచ్చి, తడబడకుండా దాటి, తర్వాత వచ్చే అరఫాత్ మైదానం మాటలోకి వెళ్లిపోయింది హుజైమా.

"ఆగవే! 'హజ్ రోజుల్లో' ఏదీ?"

"అది ఆయతులో లేదుగా అక్కా. మదీనాలో మా అన్న చదివితే విన్నాను చిన్నప్పుడు. నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా మాకు అర్థం చెబుతున్నావనుకున్నా. వాళ్ల చేత మాత్రం విన్నట్టే వల్లె వేయించా."

"అందరి చేతా?"

"అందరి చేతా."

"మరి ఇన్నేళ్లూ నాకో మాట చెప్పి చావొచ్చుగా!"

"చెబితే ఆ మట్టదెబ్బ ఎవరు తినాలమ్మా?"

రైతాకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. హుజైమాని గట్టిగా వాటేసుకుని, పదేళ్ల బరువు దిగినట్టు వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఇద్దరూ కూర్చుని మజ్జిగలో రొట్టె ముంచుకుని తిన్నారు. నాలుగు రోజుల తర్వాత కడుపునిండా తిన్నది అప్పుడే.

సాయంత్రం నహీక్‌ని పిలిచి సంచీ చేతిలో పెట్టింది. అతను బిక్కమొహం వేసుకుని, "బాధగా లేదా వదినా?" అన్నాడు.

"ఇందులో ఉన్నదంతా నా దగ్గర ఉంది, మసీదులో ఉంది, నలభై మంది దగ్గర ఉంది. తీసుకుపో" అంది రైతా. "ఒక్క మాట మాత్రం మీ అన్నయ్యది. అది నమాజులో చదవనులే. నా మనసులో ఉంచుకుంటా."