పదిలో మిగిలిన రెండు

ఆమెకు భయం పట్టుకున్నది మూడో గోడౌన్‌లో. అదీ పట్టపగలు, తాళాలు తన చేతిలోనే ఉండగా.

అది పింగాణీ ఇన్సులేటర్లు తయారుచేసే కంపెనీ. కరెంటు స్తంభం మీద ఇనుముకీ తీగెకీ మధ్య ఉండే గోధుమరంగు గిన్నెలవి. పంతొమ్మిదేళ్ళుగా అక్కడి ఖాతాలు ఆమే చూస్తోంది. బట్టీ దగ్గర పనివాళ్ళ నుంచి గేటు కాపలావాళ్ళ దాకా అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు.

కంపెనీ ఆరేళ్ళుగా నష్టాల్లో ఉంది. కొత్త బట్టీకి అప్పు ఇస్తామని బ్యాంకు వాళ్ళు అన్నారు గాని, ముందు ఖాతా పుస్తకాలు శుభ్రం చేసుకు రమ్మన్నారు. శుభ్రం చేయడమంటే ఏమిటో లెక్కలక్క తన కింద పనిచేసేవాళ్ళకు ఒక కాగితం మీద రాసి చూపించింది. వాటాదారులు పెట్టిన మూలధనం కోటి. షేరు పది రూపాయల చొప్పున పది లక్షల షేర్లు. కాని ఆ కోటికి ఎదురుగా ఆస్తుల వైపు ఉన్నవాటిలో యాభై రెండు లక్షలు ఆరేళ్ళ నష్టమే. ఎనిమిది లక్షలు గుడ్‌విల్, ఎప్పుడో కొన్న ఒక పేరుకి ఇచ్చిన ధర. ఆ పేరు చూసి కొనేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆరు లక్షలు పాత ప్రకటనలకూ, షేర్లు జారీ చేసినప్పటి ఖర్చులకూ అయిన డబ్బు. ఎన్నడో ఖర్చయిపోయినా పుస్తకంలో ఆస్తి అనే పేరుతో కూర్చుని ఉంది. యంత్రాలకు అసలు విలువకన్నా తొమ్మిది లక్షలు ఎక్కువగా రాసి ఉంది. అంతా కలిపితే డెబ్బై ఐదు. పది షేరును మూడుకు తగ్గిస్తే డెబ్బై లక్షలు వస్తాయి. యజమాని కుటుంబం కంపెనీకి ఇచ్చిన అప్పులో ఐదు లక్షలు వదులుకుంటుంది. ఆ డెబ్బై ఐదుతో ఈ డెబ్బై ఐదునూ కొట్టేస్తే, మిగిలిన ముప్పై లక్షల మూలధనానికి నిజమైన ఆస్తులే ఎదురుగా ఉంటాయి. కనీసం ఇంత మూలధనం ఉండాలని బ్యాంకు అడిగిందీ సరిగ్గా ముప్పయ్యే.

లెక్క ముచ్చటగా కుదిరింది. షేరు విలువ తగ్గించడానికి కోర్టు ఒప్పుకోవాలి. కోర్టుకు వెళ్ళే ముందు ఆస్తులన్నీ మరోసారి కళ్ళతో చూడమని ఆడిటరు చెప్పాడు. అందుకే ఆమె ఆ రోజు మూడో గోడౌన్ తెరిచింది.

అరల నిండా పాతరకం ఇన్సులేటర్లు. ఒక దానిని చేత్తో తుడిచింది. విద్యుత్ సంస్థ వీటిని కొనడం మానేసి రెండేళ్ళయింది, ఇప్పుడు అంతా నల్లటి రబ్బరులాంటివి వాడుతున్నారు. కాల్చిన పింగాణీని కరిగించి మళ్ళీ వాడుకోలేరు, తుక్కుకు అమ్మినా లారీ కిరాయి రాదు. ఈ సంగతి ఆమెకు కొత్తగా తెలిసింది కాదు. పోయిన మార్చిలోనూ తెలుసు. అయినా యజమాని అడిగాడని సరుకు జాబితాలో వీటికి తయారీ ఖర్చు మొత్తం, పది లక్షలు, ఆమే వేసింది. కింద సంతకం ఆమెదే.

ఈ పది కూడా కొట్టేయవలసినదే. కొట్టేస్తే షేరు రెండుకు దిగుతుంది, మూలధనం ఇరవై లక్షలకు పడిపోతుంది, బ్యాంకు అడిగిన ముప్పై ఉండదు. కొట్టేయకపోతే, అన్నీ కడిగామని కోర్టులో ప్రమాణం చేసి చెప్పే పత్రంలో ఒక అబద్ధం మిగులుతుంది. అది ఎప్పుడైనా బయటపడితే మొదట అడిగేది ఆమెనే. తాళం వేసి, పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

యజమానిని అందరూ చిన్నాయన అనేవారు, కంపెనీ పెట్టిన పెద్దాయన కొడుకు గనక. ఆమె చెప్పినదంతా అతను కిటికీ వైపు చూస్తూ విన్నాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"ఆ పది ఇప్పుడు కదపకండి మేడమ్. అప్పు చేతికొచ్చాక ఏడాదికి కాస్త చొప్పున సర్దేద్దాం. ఇరవై చూపిస్తే బ్యాంకు తలుపేసేస్తుంది. రెండువందల పది కుటుంబాలు." కిటికీ మీంచి చూపు తిప్పి, "మార్చి జాబితా మీద సంతకం ఎవరిదో కూడా ఆలోచించుకోండి" అన్నాడు.

బెదిరించినట్టు లేదు అతని గొంతు. అలసిపోయినట్టుంది. ఆమెకు అదే ఎక్కువ భయమేసింది.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. ఫోను మోగితే ఎవరిదో చూసి గాని ఎత్తేది కాదు. దారిలో పనివాళ్ళు ఎదురై "ఏంటక్కా, ఉంటామా పోతామా?" అని నవ్వుతూ అడిగితే, నవ్వు తెచ్చిపెట్టుకునేది. ఏ వైపు చూసినా తన చేతిలోంచే ఏదో జారి పగిలేలా అనిపించేది. నిజం చెబితే ఫ్యాక్టరీ మూతపడుతుందేమో, చెప్పకపోతే తాను జైలుకు పోతుందేమో. ఇంట్లో తల్లి రెండుసార్లు అడిగి, ఏమీ తెలియక, వేడినీళ్ళు పెట్టి స్నానం చేసి పడుకోమంది.

ఆదివారం పొద్దున్నే మావయ్య వచ్చాడు. తల్లికి తమ్ముడు. ప్రెస్సులో ముప్పై రెండేళ్ళు అక్షరాలు కూర్చి, రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో అరవై వేలు పెట్టి ఈ కంపెనీవే ఆరువేల షేర్లు కొన్నాడు. కొనమన్నది మేనకోడలే, పదేళ్ళ కింద, కంపెనీ బాగున్న రోజుల్లో. షేరు విలువ తగ్గిస్తారట అని ఎవరో చెప్పగా విని వచ్చాడు. భయంగానే ఉందన్నాడు. కాని కాఫీ పూర్తయ్యేసరికి తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

"నువ్వున్నావుగా అమ్మాయ్. పోయేది పోతుంది. లెక్క మాత్రం సరిగ్గా ఉంటుంది."

ఆయన వెళ్ళాక ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళకుండా తిన్నగా ఆడిటరు దగ్గరికి వెళ్ళింది. ప్రతి కాగితాన్నీ ముక్కుకు ఆనించి చదువుతాడని ఆయనకు భూతద్దం అని పేరు. ఆమె గోడౌన్ సంగతి, మార్చి జాబితా సంగతి దాచకుండా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తానూ మార్చిలో ఆ గోడౌన్‌కు వెళ్ళానని, గిన్నెలు ఎన్నున్నాయో లెక్కపెట్టించాను గాని వాటిని కొనేవాడున్నాడా అని అడగలేదని ఒప్పుకున్నాడు.

"ఇద్దరం మునిగామమ్మా" అన్నాడు. "ఇంక లోతు కొలుచుకుని లాభం లేదు. రాసివ్వు. నేను బోర్డుకు పంపిస్తాను."

ఆమె అక్కడే కూర్చుని ఒకటిన్నర పేజీ రాసి సంతకం చేసింది.

బోర్డు సమావేశం నాలుగు గంటలు నడిచింది. ఆమెను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపలి నుంచి చిన్నాయన గొంతు ఒకసారి లేచి, తగ్గిపోయింది. చివరికి పథకం మార్చారు. షేరు పది నుంచి రెండుకు తగ్గుతుంది. అలా వచ్చే ఎనభైకి కుటుంబం వదులుకునే ఐదు కలిపి ఎనభై ఐదు లక్షలతో, గోడౌన్ సరుకుతో సహా అన్నీ కొట్టేస్తారు. బ్యాంకుకు తక్కువపడే పది లక్షలకు, ప్రతి రెండు షేర్లకూ ఒక కొత్త షేరు రెండు రూపాయలకే ఇస్తారు. వాటాదారులు తీసుకోనివి చిన్నాయన కుటుంబమే కొనాలి. దానికోసం అతను ఇల్లు తాకట్టు పెట్టాలట. బయటికి వస్తూ అతను ఆమె వైపు చూడలేదు.

పథకం నెగ్గాలంటే పడిన ఓట్లలో ముప్పాతిక రావాలి. కుటుంబం చేతిలో ఉన్నవి నూటికి అరవై రెండు. చిన్న వాటాదారుల ముప్పై ఎనిమిదిలో ఇరవై ఒకటి కాదని, మిగతావాళ్ళు ఓటుకు రాకపోతే చాలు, అంతా కూలిపోతుంది. సమావేశం రోజు హాలు నిండిపోయింది. వేదిక పక్కన ఫైళ్ళతో కూర్చున్న లెక్కలక్కకు మూడో వరసలో మావయ్య కనిపించాడు. ఆయన చేతిలో నోటీసు మడతలు పడి నలిగి ఉంది.

ప్రశ్నలు అడగమనగానే ఆయనే లేచాడు. హాల్లో వాళ్ళిద్దరి చుట్టరికం తెలిసినవాళ్ళు కొందరే.

"నేను పది పెట్టాను. రెండంటున్నారు. నా ఎనిమిది ఎవరు తీసుకున్నారు?"

జవాబు చెప్పమన్నట్టు ఛైర్మన్ ఆమె వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది.

"ఈ రోజు ఎవరూ తీసుకోలేదు మావయ్యా. ఆరేళ్ళుగా పోతూనే ఉంది. బట్టీలో కొంత, అమ్ముడుపోని సరుకులో కొంత. ఉన్నట్టు పుస్తకంలో రాస్తూ వచ్చాం. రాసింది నేనే. ఇప్పుడు లేదని రాస్తున్నాం. ఈ రెండు మాత్రం నిజంగా ఉన్నాయి."

మావయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నోటీసును మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఓట్లు లెక్కపెట్టేసరికి నూటికి ఎనభై నాలుగు అనుకూలంగా వచ్చాయి. ఆయన ఓటు ఎటు పడిందో ఆమె అడగలేదు.

ఆపైన కోర్టు. కంపెనీకి అప్పు ఇచ్చినవాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి. తమకు రావలసింది ఏమీ తగ్గదని తెలిశాక ఎవరూ అడ్డు చెప్పలేదు. కాని విచారణ రోజు జడ్జి పాత పుస్తకాలు తిరగేసి, పనికిరాని సరుకుకు పోయిన ఏడాది పూర్తి విలువ ఎందుకు వేశారని అడిగాడు. లెక్కలక్క ముందుకు వచ్చింది.

"ఆర్డర్లు తిరిగొస్తాయని అనుకున్నామండీ" అని, ఆగి, "అనుకోలేదు. రావని నాకు తెలుసు. తెలిసే వేశాను" అంది.

జడ్జి కలం ఆగింది. ఆ క్షణంలో తాను ఇక ఇంటికి వెళ్ళనేమో అనుకుంది ఆమె. అప్పుడు వెనక బెంచీ చప్పుడైంది. చిన్నాయన నిలబడ్డాడు. ఆమెను అలా వేయమన్నది తానేనని, అప్పట్లో జీతాలు ఆగిపోతాయని భయపడ్డానని చెప్పాడు. చెప్పి, కూర్చోవాలో నిలబడాలో తెలియనట్టు అలాగే ఉండిపోయాడు.

జడ్జి ఇద్దరినీ గట్టిగానే మందలించాడు. తప్పును పథకంలోనే దిద్దారు గనక తగ్గింపును ఖాయం చేస్తున్నానన్నాడు. అయితే ఏడాదిపాటు కంపెనీ పేరు చివర మూలధనం తగ్గించినది అన్న మాట చేర్చాలని ఆదేశించాడు. బోర్డు తనవంతుగా ఆమె సంతకం అధికారాన్ని రెండేళ్ళు తీసేసింది. ఇకపై ఆమె రాసిన ప్రతిదీ ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి. ఆ ఉత్తర్వు అందిన రోజు ఆమెకు అవమానంగానే ఉంది. కాని ఆ మధ్యాహ్నం చాన్నాళ్ళకు ఆకలేసింది.

బ్యాంకు అప్పు వచ్చింది. కొత్త బట్టీకి పునాది తవ్వుతున్నారు. అది నిలదొక్కుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. గేటు మీద పెయింటరు కంపెనీ పేరు చివర ఆ రెండు మాటలూ చేరుస్తుంటే పనివాళ్ళు కింద నిలబడి, మా జీతాల పక్కన మాత్రం ఆ ముక్క రాయకు అని అతన్ని ఆటపట్టించారు.

మావయ్య కొత్త విలువ ముద్ర వేయించుకోవడానికి షేరు పత్రాలు తీసుకుని ఆఫీసుకు వచ్చాడు. ఆరువేల షేర్లు, ఒక్కొక్కటి రెండు, పన్నెండు వేలు. కొత్త షేర్లు తీసుకుంటారా అని ఆమె అడగలేదు, ఆయనే వద్దన్నాడు. ముద్ర వేస్తున్నంతసేపూ ఆయన ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంక నాకు ఏది కొనాలో చెప్పకు అమ్మాయ్" అన్నాడు.

"చెప్పను మావయ్యా."

ఆయన పత్రాలు సంచిలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వచ్చే ఆదివారం వాళ్ళమ్మను తీసుకుని భోజనానికి రమ్మన్నాడు.