నిలిపిన బొమ్మ

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని తోటి మెకానిక్కులు ఎదురుగాలి అంటారు. ఎవరేమన్నా దానికి అడ్డంగా ఒక మాట వేయకపోతే ఆయనకు పూట గడవదు. ఆ పేరు తన చెవిన పడిన రోజున కూడా, ఎదురుగాలి కొడితేనే కదరా చెమట ఆరేది అని ఊరుకున్నాడు.

బిల్డింగుల వాళ్లతో ఆయనకున్న పెద్ద పేచీ ఫొటోల దగ్గర. లిఫ్టు మొరాయించగానే దాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపుతారు, చూసి ఏమైందో చెప్పమంటారు. అప్పుడాయన ఒంటికాలి మీద లేస్తాడు. నిలబడ్డ లిఫ్టు ఏ తప్పూ ఎరగదని, అది కదులుతుంటే చూడాలని, చప్పుడు వినాలని, ఎక్కడ తడబడుతుందో అక్కడ పట్టుకోవాలని చెప్పిందే చెబుతాడు. ఒకావిడ తలుపులు తెరుచుకోవడం లేదని మూసుకున్న తలుపుల ఫొటో పంపింది. వెళ్లి చూస్తే తలుపులు శుభ్రంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. మూసుకున్న క్షణాన ఫొటో తీసిందంతే. ఆ కథ ఆయన ఏడాది పొడవునా చెప్పుకు తిరిగాడు.

లిఫ్టులు బాగుచేసేవాడి బతుకంతా మెట్ల మీదే. వాడు వెళ్లిన చోటల్లా లిఫ్టు పాడయ్యే ఉంటుంది మరి. పనిముట్ల సంచి భుజాన వేసుకుని పై అంతస్తులోని మిషను గదికి ఎక్కుతుండగా ఒకరోజు రొమ్ము మధ్యలో ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టయింది. గోడకు ఆనుకుని నిలబడితే తగ్గింది. తర్వాత అది అలవాటైంది. ఎక్కితే పట్టేయడం, ఆగితే వదిలేయడం. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మానమంటారు. పని మానిస్తే ఇంట్లో కూర్చుని గోడలతో తగవు పెట్టుకోవాలి, గోడలు తిరిగి మాట్లాడవు.

పెళ్లాం కళ్లను మాత్రం దాటలేకపోయాడు. సొంతింటి మెట్ల మీద సగంలో ఆగి, చెప్పులో రాయి పడినట్టు నటిస్తున్న మొగుణ్ణి ఆవిడ పై నుంచి చూసింది. ఆ సాయంత్రమే మరిదికి ఫోను చేసింది.

తమ్ముడు మందుల షాపులో పనిచేస్తాడు. మందుల పేర్లు నోటికి వస్తాయి కాబట్టి బంధువుల రోగాలన్నింటికీ తానే పెద్ద. అన్నను దగ్గర్లోని గుండె ఆసుపత్రికి లాక్కెళ్లాడు. అక్కడ పరీక్షలు చేశారు, చివరికి మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి, మందు వదిలి, గుండె రక్తనాళాల బొమ్మలు తీశారు. బయటికొచ్చాక అక్కడి డాక్టరు ఒక బొమ్మను కాయితం మీద అచ్చుతీసి పెన్నుతో గుండ్రంగా చుట్టాడు. గుండె ముందువైపు దిగే పెద్ద నాళం మధ్యలో దారంలా సన్నబడి ఉంది. నూటికి ఎనభై వంతులు మూసుకుందని, స్టెంటు వేసి తెరవాలని, పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చాడు. వీడియో ఉన్న డిస్కు ఇచ్చాడు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని చిన్న మాత్రలిచ్చాడు.

ఆ కాయితాన్ని తమ్ముడు ఫొటో తీసి చుట్టాలందరికీ పంపించాడు. చూసినవాడల్లా నొక్కును గుర్తుపట్టాడు. మూడేళ్ల పిల్లకు చూపించినా వేలు పెట్టి ఇక్కడే అంటుంది, అంత స్పష్టం. ఎదురుగాలి కూడా ఈ ఒక్క విషయంలో ఎదురు చెప్పలేదు. అరిగిన రోలరు మార్చినట్టు స్టెంటు బిగించేస్తే మళ్లీ సంచి భుజాన వేసుకోవచ్చని ఆయన లెక్క. బిగించేదేదో తొందరగా బిగించండి అన్నాడు.

తేడా వచ్చింది మాత్ర దగ్గర. మెట్ల మీద పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకుంటే తగ్గాల్సింది పోయి, నొప్పి ఇంకా బిగుసుకుంది. గుండె దడదడలాడింది. రెండోసారీ అంతే. ఆ మాట తమ్ముడితో అన్నాడు.

“లోకంలో అందరికీ తగ్గే మాత్ర నీకొక్కడికే పెంచుతుందా?” అన్నాడు తమ్ముడు. “మాత్రతో కూడా తగవేనా అన్నయ్యా?”

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. జీవితమంతా అబద్ధపు ఎదురుమాటలు ఆడినవాడు నిజం చెబితే ఎవడు నమ్ముతాడు. ఆ తర్వాత ఎదురుగాలి మాత్ర ఊసెత్తలేదు. నవ్వనిది పెళ్లాం ఒక్కతే. ఆ రెండోసారి ఆయన మొహం ఎలా అయిపోయిందో దగ్గరుండి చూసింది ఆవిడే.

పెద్దాసుపత్రిలో చేర్చారు. పొద్దున్నే మణికట్టు మీది వెంట్రుకలు గీకి, వెనక ముడులేసే ఆకుపచ్చ అంగీ తొడిగించారు. ఆ అంగీ సంగతి ఆయన నర్సుతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎదుటినుంచి వచ్చేవాడికి మర్యాద, వెనకనుంచి వచ్చేవాడికి వినోదం అన్నాడు. నర్సు నవ్వాపుకుంటూ బీపీ చూసింది.

అంతలో స్టెంటు వేయాల్సిన డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, తొందర లేని నడక. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఎలా పోతుంది అని అడిగింది. ఆయన చెప్పాడు. నాలుక కింద మాత్ర వాడుతున్నారా, గుణం ఇచ్చిందా అని అడిగింది.

“వాడుతున్నాడండీ, బాగానే ఉంది,” అన్నాడు తమ్ముడు.

ఎదురుగాలి కిటికీ వైపు చూశాడు. ఇంకోసారి నవ్వులపాలు కావడం ఆయనకు ఇష్టం లేదు.

“బాగాలేదు,” అంది పెళ్లాం.

“వదినా, ఆ మాట మళ్లీ ఎందుకు...”

“నువ్వుండు. నొప్పి నీకొచ్చిందా?” అని ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. “వేసుకుంటే ఇంకా ఎక్కువైందమ్మా. రెండుసార్లు. రెండోసారి నేను పక్కనే ఉన్నాను. ఈయన అబద్ధాలు నాకు తెలుసు, అది అబద్ధం కాదు.”

డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసింది. ఆయన్నే అడిగింది, ఎక్కువైనప్పుడు గుండె వేగంగా కొట్టుకుందా అని. కొట్టుకుందన్నాడు. డిస్కు ఏదని అడిగింది. తమ్ముడు కాయితం తీసిచ్చాడు. కాయితం వద్దు, డిస్కు కావాలంది.

కాసేపటికి ముగ్గుర్నీ పిలిపించింది. చిన్న గది, రెండు తెరలు. ఎదురుగాలి అంగీ వెనక ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద కాయితంలో ఉన్న బొమ్మే ఉంది. నల్లని నాళం, మధ్యలో దారమంత సన్నగా అదే నొక్కు. ఇదేనా మీరు చూసింది అని అడిగింది. ఇదే అన్నాడు తమ్ముడు.

ఆవిడ ఒక మీట నొక్కింది. బొమ్మ కదిలింది.

నల్లటి మందు నాళంలో పరిగెత్తింది. గుండె ముడుచుకున్నప్పుడు ఆ చోట నాళం దారమైపోయింది. గుండె వదులైనప్పుడు అదే చోట పైనా కిందా ఎంత వెడల్పో అంత వెడల్పుగా తెరుచుకుంది. మళ్లీ దారం, మళ్లీ నిండుగా. వేరే కోణంలో తీసినదీ పెట్టింది. అందులోనూ అంతే.

ఎదురుగాలి తెరకు దగ్గరగా జరిగాడు. అంగీ పట్టుకోవడం మర్చిపోయాడు. పెళ్లాం వెనకనుంచి పట్టుకుంది.

“మళ్లీ వేయండి,” అన్నాడు.

మళ్లీ వేసింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. మామూలుగా ఈ నాళం గుండె కండ పైనుంచి పోతుంది. ఈయనకు పుట్టుకతోనే కొంత దూరం కండ లోపలికి దూరింది. గుండె ముడుచుకున్నప్పుడల్లా కండ దాన్ని పిండుతుంది, వదిలినప్పుడు అది తెరుచుకుంటుంది. కొవ్వు పేరుకుని మూసుకున్నదైతే రెండు వేళలా సన్నగానే ఉంటుంది. గుండెకు రక్తం ఎక్కువగా అందేది అది వదులైన వేళలోనే. మెట్లెక్కి వేగం పెరిగితే ఆ వదులు వేళ తగ్గిపోతుంది, అందుకే నొప్పి. నాలుక కింద మాత్ర ఎంతోమందిని నిలబెట్టే మాత్రే. కానీ ఈయనలాంటి గుండెకు అది వేగం పెంచుతుంది, పిండుడూ పెంచుతుంది.

“అయితే స్టెంటు?” అన్నాడు తమ్ముడు.

“వేయను.”

తమ్ముడికి ఒళ్లు మండింది. అక్కడ వేయాలన్నారు, ఇక్కడ చేర్చుకున్నారు, చెయ్యి గీకారు, ఇప్పుడు వద్దంటే ఎలాగని నిలదీశాడు. నొక్కు కనిపిస్తూనే ఉంది కదా, వేస్తే పోయేదేముందని అడిగాడు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. కండ లోపల స్టెంటు పెడితే గుండె ముడుచుకున్న ప్రతిసారీ అది నలుగుతుంది, విరగొచ్చు, లోపల మళ్లీ మూసుకుపోవచ్చు, వేసేటప్పుడు నాళం చిట్లే భయమూ ఉంది. ఆ నొక్కుకు ముందు భాగంలో కొవ్వు పేరుకుందేమోనని వెతికాను, కనిపించలేదు. అది ఉండి ఉంటే మాట వేరు. గుండె వేగం తగ్గించే మాత్ర రాస్తాను, వాడుతూ కొన్ని వారాల తర్వాత నా కళ్ల ముందు నడక పరీక్ష చేయాలి. అప్పటికీ నొప్పి ఆగకపోతే ఇంకా లోతుగా చూద్దాం, ఆపరేషను దారులున్నాయి. ఇవాళ మాత్రం బల్ల ఎక్కించను అంది.

“ఫొటోలో అంత స్పష్టంగా ఉంటే...” అన్నాడు తమ్ముడు.

“ఫొటో మూసుకున్నప్పుడు తీశార్రా,” అన్నాడు ఎదురుగాలి.

ఆ మాట అని తానే గతుక్కుమన్నాడు. ఊరందరికీ బుద్ధి చెప్పినవాడు, తన గుండె ఫొటోను చంకన పెట్టుకుని ఇంత దూరం వచ్చాడు. ఒక్కసారైనా కదిలించి చూపించమని ఎవణ్ణీ అడగలేదు. మూసుకున్న తలుపుల ఫొటో పంపిన ఆవిడ గుర్తొచ్చింది. ఆవిణ్ణి ఎంతలేసి మాటలన్నాడో.

ఎదురు చెప్పకుండా ఒప్పుకుంటే మాత్రం ఆయన ఆయన కాడు. సంచి మోసుకుని మెట్లెక్కడం నా కూడు, మాత్ర మింగి కుర్చీలో కూర్చోమంటే మాత్రం కుదరదన్నాడు. డాక్టరమ్మ ఆయన కళ్లలోకి చూసింది.

“కూర్చోమనడం లేదు. నడిపించి చూపిస్తానంటున్నాను. అంతవరకు సంచి వద్దు, మెట్లు నెమ్మదిగా. మాట నిలబెట్టుకుంటారా?”

“నాకంటే మొండి మనిషివి దొరికావమ్మా,” అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టేనని పెళ్లానికి అర్థమైంది.

ఆ వారాలు ఇంటిల్లిపాదికీ పరీక్షే. పొద్దున్నే మాత్ర ఇచ్చేది, నాడి పట్టి చూసేది, సంచిని అటక మీద పడేసింది, అన్నీ ఆవిడే. తోటి మెకానిక్కు పని మీద పోతుంటే ఈయన కింద స్టూలు మీద కూర్చుని ఫోన్లో సలహాలిచ్చాడు. ఫొటో పెట్టిన వాడికి మాత్రం వీడియో పెట్టమని చెప్పాడు, తిట్టకుండానే. తమ్ముడు చుట్టాలకు ఏమని చెప్పుకున్నాడో తెలియదు కానీ, కదిలే బొమ్మను కూడా వాళ్లందరికీ పంపించాడని పెళ్లాం చెప్పింది.

చెప్పిన రోజున ట్రెడ్‌మిల్ నడక పట్టీ ఎక్కాడు. ఒంటికి వైర్లు, పక్కన డాక్టరమ్మ, తలుపు దగ్గర పెళ్లాం, గోడకానుకుని తమ్ముడు. పట్టీ కదిలింది. ఒక అంచె అయ్యాక పట్టీ ఏటవాలైంది, వేగం పెరిగింది. ఇదివరకు మొదటి ఆసుపత్రిలో ఇలాంటి చోటే నొప్పి పట్టేసి దిగిపోయాడు. ఆ చోటు వస్తోందని ఆయన కాళ్లకే తెలిసింది. రొమ్ము మధ్యలోకి చెవి పెట్టినట్టుగా విన్నాడు. పిడికిలి రాలేదు.

“ఎలా ఉంది?” అంది డాక్టరమ్మ, తెర మీద గీతల్ని చూస్తూనే.

చెమట ముక్కు మీదుగా జారింది. కమ్మీని వదిలేశాడు, చేతులు ఊపడం మొదలుపెట్టాడు. ఆవిడ కమ్మీ పట్టుకోమంది. పట్టుకోనన్నాడు. పట్టుకోకపోతే ఆపేస్తానంది. పట్టుకున్నాడు.

పట్టీ ఇంకొంచెం ఎత్తుకు లేచింది. ఎదురుగాలి ఎక్కుతూనే ఉన్నాడు.

“అన్నయ్యా, చాలేమో,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు కదలకుండా చూస్తూ ఉండు,” అన్నాడు ఆయన, రొప్పుతూ. “నేను కదుల్తాను.”