మారిన వాయిదా, ఆగని ఆపరేషన్

లాయరుగారి ఆఫీసులో ఫైళ్ళ బీరువా పక్కన కూర్చునే గుమస్తాను క్లయింట్లందరూ వాయిదాలక్క అంటారు. ఇరవై ఏళ్ళుగా కోర్టు తేదీలు చెప్పే పని ఆమెదే. ఫోనులో తేదీ చెప్పాక మూడు ప్రశ్నలు అడగందే వదలదు. ఏ తేదీ చెప్పాను? ఏం తేవాలి? ఇంకెవరికి చెప్పాలి? మూడింటికీ జవాబు వస్తేనే రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా టిక్కు పెడుతుంది.

ఆ బుధవారం కోర్టు నోటీసు బోర్డు మీద ఒక పట్టిక పెట్టారు. జడ్జిగారు శిక్షణకు వెళుతున్నారు కనుక ఇరవై నాలుగుతో మొదలయ్యే వారంలోని కేసులన్నీ రెండు నెలలు వెనక్కి వెళ్ళాయి. వాయిదాలక్క ఒక్కొక్కరికీ ఫోను చేస్తూ కుట్టుషాపు ఆమె పేరు దగ్గరికి వచ్చింది.

కుట్టుషాపు ఆమె అత్తగారు ఇప్పుడు షాపున్న గదిలోనే అద్దెకుంటూ ముప్పై ఏళ్ళు కుట్టింది. అత్త పోయాక కోడలు మిషను ముందు కూర్చుంది. పాత యజమాని కూడా పోయాడు. ఆయన కొడుకు వచ్చి, నువ్వు మొన్న మొన్న వచ్చావు, నీకు ఇక్కడ హక్కేమీ లేదు, ఖాళీ చెయ్యమని కేసు వేశాడు. అత్తకూ పాత యజమానికీ మధ్య కాగితమంటూ లేదు, మాటే. ఆ మాట ఎరిగిన మనిషి ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. పక్క గదిలో పుస్తకాలు కుట్టే బైండింగ్ బాబాయి.

"అమ్మా, ఇరవై నాలుగు లేదు. రెండు నెలలు పోయాక ఏడో తారీకు. అర్థమైందా?"

"హమ్మయ్య! అక్కా, నీ నోట్లో పంచదార పొయ్య. ఇప్పుడే ఒకావిడ జాకెట్టు కోసం వచ్చి నెత్తిన కూర్చుంది, మళ్ళీ చేస్తా."

ఫోను పెట్టేసింది. ఆ పేరు ఎదురుగా టిక్కు పడలేదు.

మర్నాడు ఉదయం ఆఫీసు తాళం తీసిన వెంటనే వాయిదాలక్క రిజిస్టరు తెరిచి, ఖాళీగా ఉన్న ఆ గడి చూసి, మళ్ళీ ఫోను చేసింది.

"మళ్ళీ చేస్తానన్నావు, నేనే చేశాను. తేదీ ఎంత?"

"ఏడు. తెలుసక్కా."

"సాక్షికి చెప్పావా?"

"నిన్న సాయంత్రమే చెప్పాను. బాబాయి ఎంత సంతోషించాడో! పాపం, గుండె ఆపరేషన్‌కి ఆసుపత్రి వాళ్ళు ఇరవయ్యో తారీకు మంచం ఇస్తామంటే, నా సాక్ష్యం ఉందని వద్దన్నాడట. నేను, బాబాయ్, కోర్టు ఎలాగూ వెనక్కి పోయింది, ముందు నీ గుండె చూసుకో అన్నాను. అప్పుడే ఆసుపత్రికి ఫోను చేసి సరేనన్నాడు."

వాయిదాలక్క రిజిస్టరు మీద చెయ్యి ఆపింది. వాయిదా పడిందంటే ఊపిరి పీల్చుకోవడమే తెలిసిన వాళ్ళు చేసే పొరపాటే ఇది. అందులో మంచితనమే ఉంది, దాన్ని ఎలా తిట్టాలి?

"ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్ళు కదలకూడదన్నారు?"

"మూడు నెలలు మెట్లెక్కకూడదట."

కోర్టు హాలు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"మరి ఏడో తారీకు?" అంది కుట్టుషాపు ఆమె, గొంతు తగ్గించి. తరవాత తనే గబగబా అంది. "ఆపరేషన్ మాత్రం ఆపమని అడగనక్కా. షాపు పోతే పోయింది. ఆయనకేమన్నా అయితే గోడ అవతల చప్పుడు లేకుండా నేనెలా కూర్చోను?"

"ఎవరు ఆపమన్నారు? విను. బాబాయి చెప్పేదంతా ప్రమాణపత్రంగా రాసి ఇదివరకే కోర్టులో ఇచ్చాం. కానీ అవతలి లాయరు ఆయన్ని ప్రశ్నలడగాలి. అడిగే అవకాశం ఇవ్వకపోతే ఆ కాగితానికి బలం ఉండదు. మనిషి కోర్టుకు రాలేకపోతే, కోర్టే ఒక లాయరును కమిషనరుగా ఆయన ఇంటికి పంపుతుంది. అందుకు మనం అర్జీ పెట్టాలి. ఇరవై లోపు అయిపోవాలి. ఏం చెయ్యాలో చెప్తాను, రాసుకో."

"సుద్దముక్క ఉంది. బల్ల మీద రాస్తున్నా."

"డాక్టరుగారి సర్టిఫికెట్. ఏ జబ్బు, ఏ రోజు చేర్చుకుంటున్నారు, ఎన్నాళ్ళు బయటికి రాకూడదు, మూడూ ఉండాలి. సంతకం, ముద్ర ఉన్న అసలు కాగితమే కావాలి, జిరాక్సు కాదు. రెండు గంటల లోగా తీసుకుని నువ్వు ఇక్కడికి రా. అర్జీతో పాటు పెట్టే ఇంకో ప్రమాణపత్రం మీద సంతకం నీది. బాబాయిని తీసుకురాకు, తిప్పి చంపకు."

అంతా తిరిగి చెప్పించుకుని, అప్పుడు టిక్కు పెట్టింది.

లోపలికి వెళ్ళి చెబితే లాయరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు. "చేతులు కాలకముందే ఆకులు తెచ్చావు. టైపు చెయ్యి. అవతలి లాయరుకు కాపీ ఈ రోజే అందాలి."

కుట్టుషాపు ఆమె రెండింటికి చేరింది. చీర కొంగుకు రెండు గుండుసూదులు అలాగే గుచ్చి ఉన్నాయి. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గుండెకు అదుముకుంది.

సోమవారం అర్జీ విచారణకు వచ్చింది. సాక్షి షాపులో తిరుగుతూనే ఉన్నాడని అవతలి లాయరు అడ్డు చెప్పాడు. జడ్జిగారు సర్టిఫికెట్‌లోని తేదీని రెండుసార్లు చూసి, బుధవారం ఉదయం ఇంటి దగ్గరే సాక్ష్యం తీసుకోమని కమిషనరును నియమించారు.

బుధవారం, బైండింగ్ షాపు వెనకే ఉన్న బాబాయి ఇంటి ముందు గదిలో కుర్చీలు చాల్లేదు. కమిషనరమ్మ స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది, పక్కన చిన్న ప్రింటరు. బాబాయి దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన కూతురు తలుపు దగ్గర నిలబడి, మరునాటి ఆసుపత్రి సంచీ సర్దుతున్నట్టు నటిస్తూ అంతా వింటోంది. కుట్టుషాపు ఆమెను మాట్లాడవద్దని ముందే హెచ్చరించారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీకు డెబ్బై ఎనిమిదేళ్ళు. జ్ఞాపకం తగ్గింది కదా?" అన్నాడు అవతలి లాయరు.

"మీ పేరు చెప్పమంటే ఇబ్బందే, ఇప్పుడే విన్నాను. పాతవి బాగానే ఉన్నాయి."

"ఈమె అత్తగారు అప్పుడప్పుడు వచ్చి పోయేదనీ, గది ఆమెకు అద్దెకివ్వలేదనీ నేనంటాను."

"మీరంటారు సరే. నేను మాత్రం ముప్పై ఏళ్ళు పక్కనున్నాను. మా రెండు గదులకూ గోడ ఒకటే. ఆవిడ మిషను తొక్కితే నా బల్ల మీద జిగురు గిన్నె వణికేది. రోజూ పొద్దస్తమానం వణికేది బాబూ. అప్పుడప్పుడు వచ్చే మనిషి వల్ల గిన్నె అలా వణుకుతుందా? అద్దె తీసుకోవడానికి పెద్దాయన మొదట నా గదికొచ్చి, తరవాత పక్కకి వెళ్ళేవాడు."

అవతలి లాయరు ఇంకో నాలుగు అడిగి, చాలు అన్నాడు. కుట్టుషాపు ఆమె తల దించుకుని కళ్ళు తుడుచుకుంది.

కమిషనరమ్మ అంతా చదివి వినిపించింది. బాబాయి చెయ్యెత్తాడు.

"ముప్పై అన్నాను కదా, తప్పు. ముప్పై ఒకటి. మా అమ్మాయి పుట్టిన ఏడే ఆవిడ గదిలో దిగింది. దిద్దండి."

"ఒక్క ఏడుకేముంది నాన్నా!" అంది కూతురు.

"సంతకం నాది."

దిద్దారు. ప్రతి పేజీ కిందా నింపాదిగా సంతకం చేశాడు. కమిషనరమ్మ కాగితాలకు ఒకే పిన్ను కొడుతుంటే చూసి ఊరుకోలేకపోయాడు.

"ఒక్క పిన్నా? విడిపోతాయి తల్లీ. కాగితాలు ఇటివ్వండి, రెండు కుట్లు వేస్తాను."

"వద్దు తాతగారూ, అది కోర్టు కాగితం. మీరు ముట్టకూడదు."

"ముట్టను. ఇంకో పిన్నన్నా కొట్టండి."

కమిషనరమ్మ నవ్వి ఇంకో పిన్ను కొట్టింది. బాబాయి కుట్టుషాపు ఆమె వైపు తిరిగాడు.

"వెళ్ళి షాపు తియ్యవే, పదకొండవుతోంది. నేను రేపొద్దున వెళ్ళేదాకా నీ మిషను వినబడాలి నాకు."