మూడో గుండీ

నా కూతురు బల్ల మీద ఓ పక్కకు తిరిగి పడుకుంది. నిరుడు సరదాపడి చెవితమ్మెకు రెండో రంధ్రం పొడిపించుకుంది. అక్కడ రేగుపండంత గడ్డ లేచింది. నర్సు దాని చుట్టూ మందు పూస్తోంది.

"కొవ్వు గడ్డే. కోసేస్తే సరి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా?" అని అడిగాడు కుర్ర డాక్టరు.

"లేవండీ" అన్నాను.

పొద్దున్నే దీపం పెట్టి, నా బిడ్డను కాపాడు స్వామీ అని మొక్కిన నోరే ఇది. నా రొమ్ము మీద ఒకటుంది. ఏదో మొటిమ మానిన చోట లేచింది. కోయించుకుంటే రెండింతలై తిరిగొచ్చింది. ఏ పాపానికి దేవుడు ఈ ముద్ర వేశాడో అనుకుని, ఇరవై ఏళ్లుగా మెడ దాకా గుండీలు పెట్టుకుని తిరుగుతున్నాను. సంగతి తెలిసింది మా ఆవిడకొక్కదానికే.

డాక్టరు మత్తు సూది అందుకున్నాడు.

"ఊపిరాడుతోందా మీకు?" అంది పక్కనే నిలబడ్డ మా ఆవిడ పళ్లు బిగబట్టి. "ఆ చొక్కా విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

గుండీలు విప్పసాగాను. ఒకటి, రెండు. మూడో గుండీ తెగి నేల మీద దొర్లింది. దర్జీ పని చేసే నా చేతులకే గుండీ తియ్యడం రాలేదు.

"ఆగండి బాబూ! దీన్ని కోస్తే ఇలా తయారైంది."

డాక్టరు సూది కింద పెట్టాడు. నా రొమ్ము చూశాడు, మళ్లీ చెవి చూశాడు. ముఖం పాలిపోయింది.

"కీలాయిడ్. పొరబడ్డాను. మామూలు మచ్చ గాయం అంచు దాటదు, ఇది దాటి పెరుగుతుంది. ఉత్తినే కోసి వదిలేస్తే సగం మందికి పైగా మళ్లీ వస్తుంది."

"కాన్సరా?" అంది బల్ల మీంచి పిల్ల.

"కాదమ్మా. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా."

"నల్లగా పుట్టినందుకా బాబూ మాకిది?" అన్నాను.

"నల్లటి ఒంటివాళ్లలో ఎక్కువే. తెల్లవాళ్లకీ వస్తుంది. ఎందుకు ఎక్కువో ఇంకా పూర్తిగా తేలలేదు. వంశంలో వచ్చే గుణం కొంత ఉంది. అంతేగాని రంగు చేసిన తప్పేం కాదు. గాయం పూడ్చే కణాలు పని అయిపోయినా ఆగవు."

చిరుగు మూసుకున్నాక కూడా మిషను కుడుతూనే పోతుందన్నమాట.

"చర్మం డాక్టరుకు రాసిస్తాను. నెలకోసారి గడ్డలోకి సూదిమందు వేస్తారు. సూది పడ్డచోట రంగు కాస్త వెలిసిపోవచ్చు. కోయాల్సి వస్తే వెంటనే సూదులు మొదలుపెట్టి, తమ్మెను నొక్కి ఉంచే క్లిప్పు పెడతారు. అయినా మళ్లీ రాదని చెప్పలేం. కొత్త రంధ్రాలు మాత్రం వద్దు."

పిల్ల లేచి కూర్చుంది. నా రొమ్ము వంక చాలాసేపు చూసింది.

"ఎండాకాలంలో కూడా ఉడికిపోతూ గుండీలు పెట్టుకునేది ఇందుకా నాన్నా?"

తల ఊపాను.

"నొప్పా?"

"దురద. పడుకుంటే మరీను."

"నాకూ అంతే" అంది.