ఖాళీ బండి అరుగుదల

మా మరిది డీజిలు అమ్ముకుంటున్నాడని నాకు అనుమానం వచ్చింది. ఒకసారి అనుమానం వచ్చాక నాకు నిద్ర ఎక్కడిది? తెల్లారేసరికి వ్యాన్‌లో అతని పక్క సీటులో కూర్చుని ఉన్నాను. వెనక ట్రేల నిండా వేడి బ్రెడ్డు.

"ఏంటి వదినా, కొత్తగా?" అన్నాడు చిన్నోడు. ముప్పై దాటినా ఇంట్లో వాడు చిన్నోడే.

"దుకాణాలవాళ్ళు మన బ్రెడ్డు గురించి ఏమంటున్నారో నా చెవులతో నేను వినాలి. పోనీ బండి."

మాది బేకరీ. మా ఆయన పొయ్యి దగ్గర, చిన్నోడు స్టీరింగు దగ్గర, నేను లెక్కల దగ్గర. ఈ వ్యాన్ కొన్న రోజే నేనొక పద్ధతి పెట్టాను. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగాక ఇలాంటి బండిని ఉంచుకోవడం కన్నా వదిలించుకోవడమే మేలని మెకానిక్ చెప్పాడు. ఆ తర్వాత మరమ్మతులు మింగేస్తాయట. అప్పటికి కొత్త బండి ఏడు లక్షలవుతుందని, పాతదానికి ఒక లక్ష వస్తుందని అంచనా వేశాను. మిగతా ఆరు లక్షలు రెండు లక్షల కిలోమీటర్ల మీద పంచితే కిలోమీటరుకు మూడు రూపాయలు. మరమ్మతులకు ఇంకో రూపాయి, అది వేరే డబ్బాలో. రోజూ సాయంత్రం నేను "ఎంత?" అని అడుగుతాను, చిన్నోడు మీటరు చూసి ఆ రోజు తిరిగింది చెబుతాడు, దానికి మూడేసి చొప్పున బ్యాంకులో విడిగా పెట్టిన ఖాతాలో వేస్తాను. ఆ ఖాతాకు మా ఆయన పెట్టిన పేరు "బండి చావు ఖర్చులు". నవ్వితే నవ్వనీ, ఇంతవరకూ ఒక్క రోజు తప్పలేదు.

డీజిలు బిల్లు మాత్రం ఎప్పుడూ మా ఆయనే నెలకోసారి కట్టేవారు. ఈ నెల ఆయనకు తీరిక లేక నా చేతిలో పెట్టారు. చూస్తే లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు! ఇదే బండి మొదట్లో పన్నెండు ఇచ్చేది. దానికి తోడు మరమ్మతుల డబ్బా ఈ ఏడాది అడుగంటింది. మొన్న క్లచ్ ప్లేటు, నిన్న రేడియేటరు. మీటరు ప్రకారం లక్షా అరవై వేలు తిరిగిన బండి ఇంతలా మూలగకూడదు.

మా ఆయనకు తీరిక లేకపోవడానికి కారణం రెండో దుకాణం. సంత దగ్గర మూలమీద గది ఖాళీ అయింది. అది చిన్నోడి కోసం. వాడు తొమ్మిదేళ్ళుగా బండి తోలుతున్నాడు, నడుం పోయింది, తనదంటూ ఒక కౌంటరు వెనక కూర్చోవాలని వాడి ఆశ. అడ్వాన్సు నాలుగు లక్షలు. చేతిలో అంత డబ్బు లేదు, బండి ఖాతాలో మాత్రం నాలుగు లక్షల ఎనభై వేలున్నాయి.

"మీటరు ప్రకారం ఇంకా నలభై వేలు తిరగాలి. రోజుకు ఎనభై అనుకున్నా ఏడాదిన్నర పైనే. ఈలోగా దుకాణం సంపాదించి తిరిగి పెట్టేయదూ?" అన్నారు మా ఆయన.

అది నా లెక్కే. నా లెక్కతోనే నా నోరు మూయించారు. ఈ రోజు పదకొండింటికి సంతకం, అడ్వాన్సు.

దారి పొడవునా కాలు కాలిన పిల్లిలా ఉన్నాను. బండి ఎక్కడ ఆగినా అద్దంలోంచి వెనక్కి చూశాను, ఎవరైనా డబ్బా పట్టుకుని వస్తారేమోనని. ఎవరూ రాలేదు. చిన్నోడు ట్రేలు దించాడు, ఖాళీవి ఎక్కించాడు, నాకు టీ ఇప్పించాడు. చివరి దుకాణం దగ్గర మీటరు చూస్తే పొద్దున్నించి సరిగ్గా ఎనభై.

ఇంటిదారి పట్టాం. వాడు కొత్త దుకాణానికి వేయించబోయే రంగుల గురించి హుషారుగా చెబుతున్నాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎందుకో నా చూపు స్టీరింగు వెనక్కి పోయింది. బండి పరుగెడుతోంది. వేగం చూపించే ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. మీటరులో ఇంకా ఎనభయ్యే.

"చిన్నోడా, బండి ఆపు."

వాడు నా ముఖం చూశాడు, ముల్లు చూశాడు. ఆపాడు.

"అలవాటులో చెయ్యి పోయింది వదినా," అన్నాడు నెమ్మదిగా. డాష్‌బోర్డు కింద మీటరుకు పోయే తీగ ఊడి వేలాడుతోంది. దాని ప్లగ్గు తీసీ పెట్టీ నున్నగా అరిగిపోయింది.

"ఎప్పట్నించి?"

"రెండున్నరేళ్ళు. బైపాస్ పడ్డప్పట్నించి. మీటరు తక్కువ చూపిస్తే అమ్మేటప్పుడు మంచి రేటొస్తుందని. వెళ్ళేటప్పుడు ముట్టుకోను వదినా, ఒట్టు. తిరిగొచ్చేటప్పుడే. ఖాళీ బండే కదా, దానికి అరుగుదలేముంటుంది?"

బైపాస్ వల్ల దూరం తగ్గిందని ఇన్నాళ్ళూ వాడు చెప్పింది నేను నమ్మాను. నాకు అరిచేయాలనిపించింది, అరిచాను కూడా.

"ఖాళీ అయితే ఇంజను తిరగదా? టైరు రోడ్డుకు తగలదా? క్లచ్ తొక్కవా? బ్రెడ్డెంత బరువని? ఆ ఇనుమంతా కదలొద్దూ? డీజిలు అడుగు, ఎంత తిరిగావో అదే చెబుతుంది!"

నేను వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాను. రోజుకు నలభై దాచాడు. ఏడాదికి మూడు వందల రోజులు, పన్నెండు వేలు. రెండున్నరేళ్ళకు ముప్పై వేలు. అంటే ఈ బండి తిరిగింది లక్షా తొంభై వేలు. మిగిలింది పదివేలు. రోజుకు నూట ఇరవై చొప్పున మూడు నెలలు కూడా రావు.

"మూడు నెలలా?" అన్నాడు చిన్నోడు.

"ఖాతాలో తొంభై వేలు తక్కువ పడ్డాయి, ఆ ముప్పై వేలకు నేను పైసా వేయలేదు కాబట్టి. ఇప్పుడు అడ్వాన్సుకు నాలుగు లక్షలు తీస్తే, మూడు నెలల్లో ఈ బండి రోడ్డు మీద కూలబడితే, బ్రెడ్డు నెత్తిన పెట్టుకుని పంచుతావా?"

ఫోను తీశాను. పదకొండుకు ఇంకా టైముంది. కానీ వేలు కదల్లేదు. ఇవ్వొద్దు అని నేనంటే పోయేది వాడి దుకాణం. ఇందాకటిదాకా రంగుల గురించి చెప్పిన నోరది. కోపం ఉన్నచోటే జాలి కూడా వచ్చి కూర్చుంది. రెండింటికీ కలిపి ఏడుపొచ్చింది.

చిన్నోడే నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అన్నయ్యా, సంతకం పెట్టకు. బండి అయిపోవచ్చింది. తప్పు నాదే, ఇంటికొచ్చి చెబుతా." అవతల మా ఆయన ఏదో గట్టిగా అడుగుతున్నారు. "ఆ గది వేరేవాళ్ళు తీసుకుంటే తీసుకోనీ," అని ఫోను నాకిచ్చేశాడు.

తర్వాత వంగి, తీగ ప్లగ్గులో పెట్టి నొక్కాడు.

"మిగతా పదివేలకీ ఎంతేయాలి వదినా?"

"ఇంకా లక్షా ఇరవై వేలు కావాలి. కిలోమీటరుకు పన్నెండు."

"మూడు పోయి పన్నెండా!"

"మూడే ఉండేది, నువ్వు ఊరుకుని ఉంటే."

బండి కదిలింది. ముల్లు లేచింది. ఇల్లు చేరేదాకా వాడు రోడ్డు కన్నా మీటరునే ఎక్కువ చూశాడు. రెండుసార్లు నేను హారన్ కొట్టాల్సి వచ్చింది.

సాయంత్రం ఎప్పటిలాగే లెక్కకు కూర్చున్నాను. మా ఆయన గల్లాపెట్టె దగ్గర ముఖం ముడుచుకుని నిలబడ్డారు. చిన్నోడు గుమ్మంలో తాళాలు పట్టుకుని ఉన్నాడు.

"ఎంత?" అన్నాను.

"మీటరులో నూట పది," అన్నాడు. "వంతెన దాకా నేను తినేసింది పది. కలుపుకో వదినా."