బోసి రెజ్యూమె

ఆ రెజ్యూమెలో ఉన్నది నేను కాదు. జెర్లిన్ అన్న పేరు నాదే, ఫోటో నాదే. కింద మాత్రం ఐసీయూ రెండేళ్లు, పసిపిల్లల ఐసీయూ ఏడాది, కాన్పుల గది ఏడాది అని ఉంది. నాంపల్లి దవాఖానలో నాలుగేళ్లుగా నేను చేసింది డయాలసిస్ ఒక్కటే.

“గిదేంది సార్?” అన్నాను. ఆబిడ్స్‌లో నర్సుల్ని గల్ఫ్‌కు పంపే ఆఫీసు వామన్‌రావు గారిది. గోరంతను కొండంత చేయడమే ఆయన వృత్తిధర్మం.

“ఒట్టి డయాలసిస్ రాస్తే పేజీ బోసిగా ఉందమ్మా. అందరికీ ఇలాగే రాస్తాం. ట్రైనింగ్‌లో వార్డుల్లో పనిచేసిన క్లినికల్ గంటలు కూడా కాస్త పెంచాను.”

నాకు ఒళ్లు మండింది. ఆ గంటలు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో ఉంటాయి, అనుభవం దవాఖాన సర్టిఫికెట్‌లో ఉంటుంది. మా కాగితాలు నిజమో కాదో సౌదీ వాళ్ల కోసం తేల్చే కంపెనీ నేరుగా వాళ్లకే రాసి అడుగుతుంది. అబద్ధమని తేలితే, సౌదీలో నర్సు లైసెన్సు కోసం చచ్చీచెడీ పాసైన ప్రోమెట్రిక్ పరీక్ష బూడిదలో పోసిన పన్నీరే.

రిఫరెన్స్ చోట మా నర్సింగ్ సూపరింటెండెంట్ వసుమతి మేడమ్ పేరుంది. నంబరు మాత్రం ఆమెది కాదు.

“మా ఆవిడ అనురాధదే. అంతా నేర్పి పెట్టాను. గట్టిది,” అన్నారాయన.

ఎంత గట్టిదో చూద్దామనుకున్నాను. అక్కడే ఆ నంబరు కొట్టి, స్పీకర్ పెట్టి, గొంతు మార్చాను. ఆయన వద్దు వద్దని చేతులూపుతున్నారు.

“రియాద్ హాస్పిటల్ నుంచి. నేనూ తెలుగే. వసుమతి మేడమేనా?”

“ఆఁ, నేనేనండీ. జెర్లిన్ బంగారంలాంటి పిల్ల!”

“మీ ఐసీయూలో పడకలెన్ని?”

“రెండండీ. ఒకదాని మీద మా అత్తగారు పడుకుంటారు.”

“వెంటిలేటర్ అలారం మోగితే ఏం చేస్తారు?”

“వాచ్‌మన్‌ని పిలుస్తామండీ. నమ్మకస్తుడు.”

ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వాను. వామన్‌రావు గారు చెమట తుడుచుకున్నారు.

“జర ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి సార్. మేడమ్ నంబరు నేనిస్త.”

రాశారు. చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాకు సూదులు పెట్టడం, కాథెటర్ చూసుకోవడం, మిషన్ల పేర్లు, షిఫ్టుకు ఎంతమంది రోగులు. సగం పేజీకే అయిపోయింది.

“తర్వాత నన్ననొద్దు,” అన్నారు. అప్పటిదాకా నవ్విన నాకూ భయం పట్టుకుంది. ఆ ఖాళీ చూసి సౌదీ దవాఖాన వాళ్లు పక్కన పడేస్తే?

పడేయలేదు. ఆయన ఆఫీసులోనే వీడియో ఇంటర్వ్యూ జరిగింది. అవతల ఆ దవాఖాన నర్సింగ్ డైరెక్టర్.

“నాలుగేళ్లూ ఒకే విభాగంలోనా?”

“అవును మేడమ్. ఇంకేదీ చేయలేదు.”

“డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే?”

“నీరు తీయడం ఆపుతాను. కాళ్లు ఎత్తి పెడతాను. సెలైన్ ఇచ్చి డాక్టర్‌ని పిలుస్తాను. మళ్లీ బీపీ చూస్తాను. తేరుకునేదాకా పక్కనుంచి కదలను.”

ఆమె కళ్లజోడు తీసింది. “పొద్దుట్నుంచీ అన్నీ వచ్చని రాసుకున్నవాళ్లే వస్తున్నారు. డయాలసిస్ మిషన్ ముందు నిలబెట్టడానికి ఒక్కరూ దొరకలేదు. ఎప్పుడు చేరగలవు?”

అందర్నీ ఏడిపించే నేను, ఆమె ముందు భోరున ఏడ్చేశాను.