లోపించిన అకారం

సంస్కరణ సభవారి గదిలో ఒక బల్ల, రెండు బెంచీలు, తలుపు సరిగా పడని బీరువా ఉండేవి. బీరువా నిండా సభ పండితుడు శాస్త్రిగారి తాటాకు పుస్తకాలు. ఆ రోజుల్లో సంస్కరణ సభ పెట్టాలంటే ముందు ఇంగ్లీషు చదివిన వకీలు ఒకాయన అధ్యక్షుడయ్యేవాడు, ఆ తరువాత సంస్కృతం వచ్చిన పండితుడి కోసం వెతుకులాట మొదలయ్యేది. ఉపన్యాసం వకీలుది, శ్లోకం పండితుడిది. ఇక్కడా అంతే.

ఆ ఏడు పాదిరీ దొర ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి బజార్లో ఊరికే పంచిపెట్టాడు. బొమ్మలతో ఆడుకునే పిల్లకు మొగుడు పోతే బతుకంతా మూల గదిలో కూర్చోబెట్టేది ఏం మతం అని అందులో అడిగాడు. తిట్టు అబద్ధమైతే నవ్వి ఊరుకోవచ్చు. ఇది నిజం, అందుకే వకీలుగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఇది మతం కాదండీ, ఆచారం. మధ్యలో వచ్చి పడింది. అసలు శాస్త్రంలో లేదని మనం చూపించాలి. లేకపోతే మన కుర్రాళ్ళు ఆయన బళ్ళోంచి తిన్నగా ఆయన గుళ్ళోకి పోతారు" అన్నారు.

వేదం పైన, దాని కింద స్మృతి, అట్టడుగున ఆచారం. స్మృతిలో ఒక్క మాట దొరికితే ఆచారం నోరు మూసుకోవాలి. వితంతువు పెళ్ళి చెల్లుతుందని సర్కారు చట్టం అప్పటికే చేసింది. కానీ ఆ పెళ్ళి జరిగిన ఇంట్లో మంచినీళ్ళు తాగమని చుట్టాలకు చెప్పడం సర్కారు వల్ల అయ్యే పని కాదు. దానికి పండితుల సంతకాలు కావాలి.

శాస్త్రిగారు రాత్రింబవళ్ళు వెతికారు. పాదిరీకి జవాబు చెప్పాలన్న పట్టుదల ఆయనకు అంతగా లేదు. ఆయనకు ఇంట్లో ఒక కూతురుంది.

తల్లి లేని పిల్ల. దూరపు ఊరికి కాపురానికి వెళ్ళింది. భర్త జ్వరంతో పోయేనాటికి కడుపుతో ఉంది. ఆడపిల్ల పుట్టింది, బోర్లా పడడం నేర్చుకుంది, పోయింది. అత్తవారు కోడలిని పుట్టింటికి పంపేశారు. తండ్రి ఆమెను వెంటబెట్టుకుని సభ ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చాడు. ఇక్కడెవరికీ పాప సంగతి చెప్పలేదు. ఇంట్లో తనూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే కూతురు ఏడుస్తుందని భయం. నిజానికి తాను ఏడుస్తానేమోనని భయం.

సభ పత్రిక చూసుకునే బడి మాస్టారు, అచ్చు తప్పులు దిద్దడానికి శాస్త్రిగారింటికి వస్తూ పోతూ ఉండేవాడు. ఒకనాడు కాగితాలు పక్కన పెట్టి పెళ్ళి మాట అడిగేశాడు. కూతురు ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు అతనికి పాప గురించి చెప్పింది.

ఇక మిగిలింది శాస్త్రం.

దొరికింది కూడా. కలియుగానికి ఇదే ప్రమాణమని చెప్పుకునే ఒక స్మృతిలో ఒక శ్లోకం ఉంది. భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త విహితమని దాని అర్థం. సభ పండితులను పిలిపించింది, శాలువాలు తెప్పించింది. హాలు కిక్కిరిసిపోయింది. పాదిరీ దొర ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆడవాళ్ళకు పక్కన తెర కట్టారు. తెర వెనక శాస్త్రిగారి కూతురు కూర్చుంది.

శాస్త్రిగారు శ్లోకం చదివితే, కాదనడానికి మఠం నుంచి వచ్చిన పండితుడు తొణకలేదు. "శ్లోకంలో 'పతౌ' అని ఉంది. 'పతి'కి సప్తమి 'పత్యౌ' కదా? ఋషికి వ్యాకరణం రాదంటారా?" అని అడిగాడు.

హాలంతా నవ్వు. జవాబూ ఆయనే చెప్పాడు.

"రాకేం! అక్కడున్న మాట 'అపతౌ'. ముందు మాట ఏకారంతో ముగిసింది కాబట్టి సంధిలో అకారం లోపించింది. అపతి అంటే ఇంకా పూర్తిగా భర్త కానివాడు. అంటే ఈ శ్లోకం పెళ్ళి నిశ్చయమైన పిల్లకే గానీ వితంతువుకు కాదు."

"లేని అక్షరం ఉందంటే ఎలాగండీ?" అన్నారు శాస్త్రిగారు.

"లోపించినంత మాత్రాన లేదని కాదు శాస్త్రీ. ఆ మాత్రం నీకు నేను చెప్పాలా?"

స్మృతుల్లో ఇలాంటి ప్రయోగాలు చెల్లుతాయని శాస్త్రిగారు ఉదాహరణలు ఏకరువు పెట్టారు. గంటలు గడిచాయి. ఎవరూ మెట్టు దిగలేదు. పాదిరీ దొర జేబులోంచి గడియారం తీసి చూసుకుని చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూసి వకీలుగారి ముఖం మాడిపోయింది. పండితులను పక్క గదిలోకి తీసుకుపోయారు.

బయటికి వచ్చేసరికి రాజీ కుదిరింది. పెళ్ళయినా కాపురానికి వెళ్ళకముందే మొగుడు పోయిన పిల్లకు మాత్రం మళ్ళీ పెళ్ళి చేయవచ్చు. అటువంటి పిల్లకు పోయినవాడు ఇంకా పూర్తిగా భర్త కానట్టే కాబట్టి మఠం పండితుడికీ అభ్యంతరం లేదు. అందరూ సంతకాలు పెట్టారు. శాస్త్రిగారి చేతికి కలం వచ్చినప్పుడు వకీలుగారు చెవిలో, "మీ అమ్మాయి గురించి బెంగ పెట్టుకోకండి. కాపురానికి వెళ్ళలేదని ఒక్క ముక్క రాసిస్తే చాలు. ఇక్కడ ఎవరికి తెలుసు?" అన్నారు.

శాస్త్రిగారు సంతకం పెట్టారు. చప్పట్లు మారుమోగాయి. మన ధర్మంలో దోషం లేదని తేలిపోయింది.

ఇంటికి వచ్చాక ఆయన కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డారు.

"ఒక్క కాగితమమ్మా. కాపురానికి వెళ్ళలేదని."

"మాస్టారు ఏమన్నారు?"

"అతనికి సమ్మతమే. నీకు మంచి జరిగితే చాలన్నాడు."

"మరి పాప, నాన్నా?"

"పాప పోయింది కదా తల్లీ."

"పోయింది. మీరు పుట్టనే లేదనమంటున్నారు."

"నా తరవాత నీకెవరున్నారమ్మా? ఒక్క అబద్ధం. పాపం నా నెత్తిన వేసుకుంటాను."

"మీరు వేసుకోగలిగితే నేనూ ఒప్పుకునేదాన్నే. అది నా ఒళ్ళో పోయింది నాన్నా. దాన్ని కన్నది ఎవరని నన్ను నేను అడిగితే ఏం చెప్పుకోను? మీరంతా వాదించుకుంటుంటే తెర వెనక వింటున్నాను. లోపించినంత మాత్రాన లేదని కాదన్నాడు ఆ మఠం పండితుడు. ఆ ఒక్కటీ నిజం."

ఆ కాగితం ఎవరూ రాయలేదు.

సభ తీర్మానం పత్రికలో అచ్చయింది. దూరపు ఊళ్ళ సభలు అభినందనలు పంపాయి. పాదిరీ దొర మరో విషయం మీద మరో పుస్తకం వేసుకున్నాడు. మాస్టారు కొన్నాళ్ళు ఆ వీధికి వచ్చాడు, తరువాత మానేశాడు. సభ చూపిస్తే, కాపురానికి వెళ్ళని ఒక పసిదాన్ని పెళ్ళి చేసుకున్నాడు. మంత్రాలు చదివింది శాస్త్రిగారే. సభ పండితుడు కాబట్టి తప్పలేదు.

ఆయన ఇంటికి వచ్చేసరికి కూతురు దీపం వెలిగిస్తోంది.

"బాగా జరిగిందా నాన్నా?"

"జరిగింది."

ఆయన శాలువా మడిచి పక్కన పెట్టారు. దాన్ని మళ్ళీ విప్పి మళ్ళీ మడిచారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అప్పుడు అడిగారు.

"పాపకు ఏం పేరు పెట్టావమ్మా?"

ఆమె చెప్పింది. అది ఆయన భార్య పేరు. ఆయన ఒకసారి పైకి అన్నారు. దీపం అక్కడే వదిలేసి కూతురు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.